బాక్స్‌లోకి ఎప్పుడు పోవాలి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఏ కాలనీలోకి తిరిగినా ఇప్పుడు చుట్టూ నెట్ కట్టిన టర్ఫ్ ఒకటి కనిపిస్తుంది. సాయంత్రం పిల్లలకు కోచింగ్ నడుస్తుంది. రాత్రయితే హాస్టల్ కుర్రాళ్లు తలా కొంత వేసుకుని గంట బుక్ చేసుకుంటారు. ఒకప్పుడు లీగ్ మ్యాచ్‌లలో స్ట్రైకర్‌గా ఆడిన నేను ఇప్పుడు ఈ టర్ఫ్‌ల మీదే కోచింగ్ ఇస్తున్నాను. స్ట్రైకర్ అవుతానని వచ్చే కుర్రాళ్లలో ఎక్కువ మందికి ఒకటే అలవాటు ఉంటుంది. బంతి మనవాళ్లకు దొరికిందో లేదో, నేరుగా గోల్ ముందుకు పోయి నిలబడతారు.

టర్ఫ్‌లో అది పనిచేస్తుంది. ఐదుగురు, ఏడుగురు ఆడే ఆటలో మామూలుగా ఆఫ్‌సైడ్ పెట్టరు. గోల్‌కీపర్ పక్కన నిలబడ్డా ఎవరూ ఏమీ అనరు, నెట్‌కు తగిలి తిరిగొచ్చిన బంతి కాలి దగ్గర పడితే గోల్ కూడా అవుతుంది. అదే కుర్రాణ్ని పదకొండు మంది ఆడే పెద్ద గ్రౌండ్‌లో దింపితే మ్యాచంతా బంతి ముట్టకుండా బయటికొస్తాడు. "పాసే ఇస్తలేరు సార్" అంటాడు. పాస్ ఇవ్వడానికి వీలైన చోట తను లేడని అతనికి తెలియదు.

పెనాల్టీ బాక్స్ గోల్ లైన్ నుంచి 16.5 మీటర్ల లోతు ఉంటుంది. అందులో గోల్ ముందున్న చిన్న బాక్స్ 5.5 మీటర్లు. ఈ రెండు గీతల మధ్య మిగిలిన 11 మీటర్ల పట్టీలోనే స్ట్రైకర్ బతుకంతా ఉంటుంది. పెనాల్టీ స్పాట్ సరిగ్గా దాని నడుమ పడుతుంది. వింగర్ బంతి తీసుకుని గోల్ లైన్ దాకా పోయాడనుకోండి. స్టాపర్లిద్దరూ ఏం చేస్తారు? తమ గోల్‌ను కాపాడుకోవడానికి వెనక్కి, అంటే చిన్న బాక్స్ వైపు పరుగెత్తుతారు. వెనక్కి వేగంగా పోతున్న మనిషి ఒక్క అడుగులో ఆగి ముందుకు రాలేడు. కాబట్టి వాళ్లు పోయిన కొద్దీ వాళ్ల వెనకాల స్పాట్ చుట్టుపక్కల ఖాళీ తయారవుతుంది. ముందే పోయి నిలబడ్డ స్ట్రైకర్ వాళ్లతోపాటే చిన్న బాక్స్‌లో ఇరుక్కుంటాడు. ఆగినవాడికే ఆ ఖాళీ దక్కుతుంది.

దీనికి ఆఫ్‌సైడ్ రూల్ కూడా తోడుంటుంది. పాస్ ఇచ్చే క్షణంలో బంతికి సమానంగా గానీ, వెనక గానీ ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. వింగర్ గోల్ లైన్ దాకా పోయి వెనక్కి ఇచ్చే బంతిని మా గ్రౌండ్లలో 'మైనస్' అంటారు. ఆ మైనస్‌కు వెనక నుంచి వచ్చేవాడు స్టాపర్ ఎక్కడున్నాడా అని లెక్క చూసుకోనక్కర్లేదు.

ఎంత వెనక ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పడానికి మా ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఒక గోల్ చెబుతాను. నైన్ నంబర్ కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు, పెద్ద పరుగు లేదు. కుడి వైపు వింగర్ బ్యాక్‌ను దాటాడు. దగ్గరి స్టాపర్ అటు జరిగాడు, రెండో స్టాపర్ మావాణ్ని చూసుకోవాలి. మావాడు బాక్స్ గీత దగ్గర, ఆ స్టాపర్‌కు బంతి లేని వైపు భుజం వెనకాల ఉన్నాడు. స్టాపర్ ఒకసారి మెడ తిప్పి చూసి మళ్లీ బంతి వైపు తిరిగాడు. అప్పుడు మావాడు నియర్ పోస్ట్ వైపు గట్టిగా రెండడుగులు వేశాడు. ఆ అడుగుల చప్పుడుకు స్టాపర్ బరువంతా అటు వాలింది. వింగర్ ఆఖరి టచ్ వేసి తల ఎత్తేసరికి మావాడు ఆగిపోయాడు. స్టాపర్ మాత్రం ఆగలేక గోల్ వైపు ఇంకో మూడడుగులు పోయాడు. మైనస్ నేల మీదుగా స్పాట్ దగ్గరికి వచ్చింది. మావాడు రెండడుగులు ముందుకేసి, పాదం లోపలి వైపుతో దారి మళ్లించాడంతే. దగ్గర్లో ఎవరూ లేరు.

ఇక్కడ గమనించాల్సింది వింగర్ తల. తల దించి బంతిని నెట్టుకుంటూ పోతున్నంతసేపు పాస్ రాదు, అప్పుడు పరుగెత్తడం దండగ. తల ఎత్తినప్పుడో, పాస్ కోసం కాలు వెనక్కి తీసినప్పుడో కదలాలి. ఎప్పుడూ తల ఎత్తని వింగర్ ఉంటే మాత్రం ఈ విద్య అంతా వృథా. అప్పుడు ముందు వాడికి నేర్పాలి.

కొందరు స్టాపర్లు మోసపోరు. బంతిని చూస్తూనే ఒక చెయ్యి మన నడుముకు ఆనించి ఉంచుతారు. అలాంటివాడి దగ్గర గోల్ వైపు ఎంత ఉరికినా లాభం లేదు, ఫార్ పోస్ట్ వైపు విల్లులా వంపు తిరిగి జారిపోవాలి. వంపు ఎందుకంటే, అలా పోతే బంతీ గోలూ రెండూ కళ్ల ముందే ఉంటాయి, తగిలిన బంతిని వెంటనే కొట్టొచ్చు. నేరుగా పక్కకు ఉరికితే బంతికి వీపు పెట్టినట్టవుతుంది. స్టాపర్ వెంట వస్తే గోల్ ముందు నడిమి భాగం వదిలేసినట్టు, రాకపోతే స్టాపర్‌కూ అవతలి బ్యాక్‌కూ మధ్య సందు మనది. ఆ జారడం కూడా రెండు మూడు అడుగులే. ఇంకా పోతే పాస్ చేరేలోపు బ్యాక్ చేరతాడు.

టైమింగ్ తప్పిందని ఎలా తెలుస్తుంది? బంతి కోసం కాలు వెనక్కి చాపాల్సి వస్తే ముందే పోయాడని అర్థం. బంతి ముందు నుంచి దాటిపోతే ఆలస్యమైంది. రెండో తప్పు నాకు నయం. ఆలస్యమైనవాడికి కనీసం వేగం ఉంటుంది, వచ్చేసారి అర సెకను ముందు కదిలితే సరిపోతుంది.

భుజం వెనక ఉండటం నేర్పడానికి ఒక చిన్న ఆట ఆడిస్తాను. స్టాపర్ వింగర్ వైపు చూస్తుంటాడు, స్ట్రైకర్ అతని వెనక వేళ్లు ఎత్తి చూపిస్తాడు. ఎన్ని వేళ్లో స్టాపర్ చెప్పాలి. లెక్కపెట్టడానికి మెడ తిప్పగానే వింగర్ పాస్ ఇచ్చేస్తాడు. "రెండూ ఎట్ల చూస్తం సార్?" అని ఒక పిల్లాడు అడిగాడు. "చూడలేవు బిడ్డా, రేపు నువ్వు స్ట్రైకర్‌గా ఆడేటప్పుడు అదే యాది పెట్టుకో" అన్నాను. అందుకే మా స్ట్రైకర్లను అప్పుడప్పుడు స్టాపర్లుగా ఆడిస్తాను. ఇలా చోట్లు మార్చి ఆడించడం కొత్తేమీ కాదు. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన స్టాపర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచినప్పుడు రెండో గోల్ అతనిదే.

పరుగు లేకపోతే స్ట్రైకర్ కాలేమనే పిల్లలకు ఓగ్బెచే గురించి చెబుతాను. హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ కప్పు గెలిచిన 2021-22 సీజన్‌లో అతను 18 గోల్స్ కొట్టాడు. అప్పటికి వయసు 37. పాతికేళ్ల స్టాపర్లతో పరుగు పందెం పెట్టుకునే వయసు కాదది.

టర్ఫ్ నడిపేవాళ్లకూ, పిల్లల్ని పంపే తల్లిదండ్రులకూ ఒక్క మాట. టర్ఫ్‌లో కాళ్లు చురుకవుతాయి, ఫస్ట్ టచ్ బాగుపడుతుంది, కాదనను. బాక్స్‌లో ఆగడం మాత్రం అక్కడ రాదు. వారానికి ఒక్కరోజైనా పిల్లల్ని పెద్ద గ్రౌండ్‌కు తీసుకెళ్లి, గీతలు గీసి, ఆఫ్‌సైడ్ పెట్టి ఆడించండి.