నలభై రోజులు వాడాక రాసిన ఫోన్ రివ్యూ

ఇన్నాళ్ళూ మా వారు వాడి పక్కన పెట్టిన ఫోన్లే నా చేతికి వచ్చేవి. ఈసారి పాల డబ్బులు దాచుకుని, 8,999 రూపాయలు పెట్టి నాకంటూ ఒక కొత్త ఫోన్ కొనుక్కున్నాను. వారం తిరక్కుండానే మార్టూరు నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, ఎట్టా ఉంది? బాగుంటే చెప్పు, కాయలు అమ్మిన డబ్బులు రాగానే నేనూ అదే తీసుకుంటా" అంది.

"బాగుందిలే" అనడం తేలికే. కానీ ఆ ఒక్క మాట నమ్మి తను తొమ్మిది వేలు పెడుతుంది. సరే, కొన్నవాళ్ళు ఏమన్నారో చూద్దామని రివ్యూలు తెరిస్తే, చాలావరకు "ఈ రోజే వచ్చింది, ప్యాకింగ్ బాగుంది" అని ఐదు స్టార్లు ఇచ్చినవే. పెట్టె విప్పిన రోజున బ్యాటరీ సంగతి ఎవరికి తెలుస్తుంది చెప్పండి? అందుకే తనని నలభై రోజులు ఆగమన్నాను. ఒక పాత నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాను. కంపెనీ పేరు మాత్రం ఇక్కడ చెప్పను. ఈ ధరలో ఏ ఫోనునైనా ఇలాగే చూసుకోవచ్చు.

ముందు బ్యాటరీ. పెట్టె మీద 5000 mAh అని ఉంది. ఆ అంకె ఎంత నిల్వ ఉంటుందో చెబుతుందే గానీ, మనింట్లో ఎంతసేపు వస్తుందో చెప్పదు. నేను చేసిందల్లా ఒకటే. పొద్దున ఆరింటికి వంద శాతం చేసి ఛార్జర్ తీసేయడం, రాత్రి తొమ్మిదింటికి ఎంత మిగిలిందో రాసుకోవడం. ఇంటి పట్టున ఉన్న రోజు, ఓ పది కాల్స్, వాట్సాప్, గంటసేపు వీడియోలు చూశాక 52 శాతం మిగిలింది. మిరపకాయలు ఆరబోసిన కల్లం దగ్గర ఉన్న రోజు, వీడియోలు ఏమీ చూడకపోయినా 14 శాతమే మిగిలింది.

ఒకటే ఫోన్, ఒకటే బ్యాటరీ, ఇంత తేడా ఎందుకు? ఎండలో తెర కనపడాలంటే వెలుగు మొత్తం పెంచాల్సిందే, అది బాగా తాగేస్తుంది. రెండోది సిగ్నల్. మా చేను దగ్గర ఒక్క గీతే వస్తుంది. టవర్ దూరమైతే దాన్ని అందుకోవడానికి ఫోన్ ఎక్కువ శక్తి ఖర్చు చేస్తుంది, మనం ముట్టుకోకపోయినా సరే. అవసరం లేనప్పుడు డేటా ఆపేసి చూశాను, ఆ రోజు రాత్రికి 27 శాతం ఉంది. ఇక వేడి. చాలా కంపెనీల సూచనల పుస్తకంలో 35 డిగ్రీల లోపు వాడమని ఉంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన కల్లాల్లో పరిచిన పట్టా మీద ఫోన్ పెడితే దానికి అది పొయ్యి మీద పెట్టినట్టే. ఒకరోజు అలా వేడెక్కిన ఫోనుకి ఛార్జింగ్ పెడితే, చల్లబడేదాకా ఎక్కనన్నది. అది ఫోను చెడిపోవడం కాదు, బ్యాటరీని కాపాడుకోవడం. కానీ రోజూ అలా వేడెక్కితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

ఛార్జింగ్ లెక్క కూడా ఇంట్లోనే వేసుకోవచ్చు. 5000 mAh బ్యాటరీ సుమారు 19 వాట్-అవర్లు. పెట్టెలో ఇచ్చిన ఛార్జర్ 10 వాట్లది. అంటే ఎంత లేదన్నా రెండు గంటలు. చివర్లో ఫోనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి నాకు రెండు గంటల యాభై నిమిషాలు పట్టింది. 'ఫాస్ట్ ఛార్జింగ్' అని ముందు పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపల ఇచ్చిన ఛార్జర్ మీద ఎన్ని వాట్లని ఉందో చూసుకోవాలి.

ఇక కెమెరా. 50 మెగాపిక్సెల్ అన్నారు. మామూలుగా తీస్తే వచ్చే ఫోటో 12.5 మెగాపిక్సెలే, ఎందుకంటే నాలుగు చుక్కల్ని కలిపి ఒకటి చేస్తుంది. అది మోసం కాదు, వెలుగు తక్కువైనప్పుడు ఫోటో మెరుగ్గా రావడానికి చేసే పని. పగటిపూట పిల్లల ఫోటోలు చక్కగా వచ్చాయి. రాత్రి ట్యూబ్‌లైటు కింద మాత్రం, కదిలే పిల్లాడు మసకగానే పడతాడు. వెలుగు చాలక కెమెరా ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, వాడు అంతసేపు ఆగడు కదా!

నాకు అసలు పరీక్ష మిరపకాయల దగ్గరే ఎదురైంది. మా వారు సరుకు ఫోటోలు గుంటూరు యార్డులో కమిషన్ వ్యాపారికి పంపిస్తుంటారు, టిక్కీలు ఎప్పుడు తేవాలో మాట్లాడుకోవడానికి. ఎండలో తేజ కాయల రాశి ఫోటో తీస్తే, తెర మీద ఎర్రటి ముద్దలా పడింది. కాయకీ కాయకీ తేడా లేదు. రంగు తగ్గినవి కూడా మంచి కాయల్లాగే మెరిసిపోతున్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ ఆ ఫోటో నిజం చెప్పడం లేదు. ఎరుపు మరీ గాఢంగా ఉంటే కెమెరాలో ఆ రంగు పట్టే భాగం నిండిపోతుంది, ఆ పైన తేడాలు దానికి తెలియవు.

దీనికి మందు ఉంది. ఓ దోసెడు కాయలు నీడలోకి తెచ్చి తెల్ల గుడ్డ మీద పరిచాను. తెర మీద కాయల దగ్గర వేలు పెడితే సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగి వెలుగు తగ్గించాను. అప్పుడు కాయ మీది ముడతలు, తొడిమ, అక్కడక్కడా తెల్లబడిన తాలు కాయలు విడివిడిగా కనపడ్డాయి. తేమ ఎంతుందో మాత్రం ఏ కెమెరా చెప్పదు, అది యార్డులో చేత్తో పట్టుకుని చూసే వాళ్ళకే తెలియాలి. ఫోటో చూసి రేటు ఖాయం అనుకుని బండి కట్టకూడదు.

చివరిది, పెట్టిన డబ్బుకి తగ్గ విలువ. ఫోను 8,999, కవరూ గ్లాసూ 349, మొత్తం 9,348 రూపాయలు. మూడేళ్ళు వస్తే నెలకి సుమారు 260 పడుతుంది. రెండేళ్ళకే మూలన పడితే 390. కాబట్టి కొనేముందు కెమెరాలు ఎన్ని అని కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్ళు ఇస్తారని అడగాలి. ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు మరీ పాత ఫోన్లలో పనిచేయడం మానేస్తాయి. రెండోది నిల్వ. 64 జీబీ అన్నారు గానీ, మొదటి రోజే నాకు మిగిలింది 45. వాట్సాప్‌లో వచ్చే వీడియోలు వాటంతటవే దిగకుండా సెట్టింగ్స్‌లో ఆపాను, లేకపోతే ఏడాదికే నిండిపోతుంది.

నలభయ్యో రోజున మా తోడికోడలికి పంపిన రివ్యూ ఇది. కొన్నచోట కూడా ఇదే పెట్టాను.

"నలభై రోజులు వాడాను. బ్యాటరీ ఇంట్లో రోజంతా దర్జాగా వస్తుంది, ఎండలో పొలం దగ్గర సాయంత్రానికి అయిపో వస్తుంది. ఛార్జింగ్ నెమ్మది. కెమెరా పగలు బాగుంది, రాత్రి కదిలేవాళ్ళని పట్టలేదు, ఎర్రటి సరుకుని ఉన్నదానికంటే బాగా చూపిస్తుంది, జాగ్రత్త. ఇంటి పనికి ఈ ధరకి సరిపోతుంది. ఐదుకి మూడున్నర ఇవ్వాలి, సగం స్టారు ఇవ్వనివ్వడం లేదు కాబట్టి మూడు."

చదివి తను వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, నేను పొద్దస్తమానం చేలోనే కదా ఉండేది. అయితే 6000 బ్యాటరీది చూస్తాలే, కెమెరా ఎట్టున్నా పర్లేదు" అంది. నేను కొన్నది తను కొనలేదు. రివ్యూ రాసిన పని మాత్రం జరిగింది.