ఎర్రనేల మీద అతుకు దాగదు

రద్దీగా ఉండే బజారు బొమ్మను ముక్కలు చేసి పెద్దది చేస్తే అతుకులు ఎక్కడో ఒకచోట దాక్కుంటాయి. బోర్డులు, వైర్లు, జనం మధ్య వాటిని ఎవరూ వెతకరు. మా అనంతపురం చేను అలా కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. కింద ఎర్రమట్టి, పైన మబ్బులేని ఆకాశం, మధ్యలో నాలుగు గుండ్లు. ఇంత ఖాళీలో చిన్న గీత పడినా కన్ను నేరుగా అక్కడికే పోతుంది.

నాకు ఈ పని తగిలింది కళ్యాణదుర్గం వైపున్న మా ఊరి వల్ల. వాననీళ్లు ఆపడానికి మూడు చేన్లలో సేద్యపు కుంటలు తవ్వితే ఎలా ఉంటుందో రైతుల సమావేశంలో పెద్ద ఫ్లెక్సీ మీద చూపించాలని మా చిన్నాయన అడిగాడు. ఒక్కో కుంట పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. బ్లెండర్‌లో కొలతల ప్రకారం మోడల్ చేశాను. రెండర్ 2048 × 1024 పిక్సెళ్లు వచ్చింది. ఫ్లెక్సీ మాత్రం 16 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు.

లెక్క వేయండి. 16 అడుగులంటే 192 అంగుళాలు. ఉన్న రెండర్‌తో అంగుళానికి పదకొండు పిక్సెళ్లు కూడా రావు. నాలుగింతలు చేస్తే 8192 × 4096 అవుతుంది, అంగుళానికి దాదాపు 43. పది అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. నేరుగా ఆ సైజులో రెండర్ చేస్తే అన్నిటికన్నా మంచిదే. కానీ పిక్సెళ్లు పదహారింతలు అవుతాయి కాబట్టి గంటన్నర పని పూర్తి రోజు పడుతుంది. అందుకే స్టేబుల్ డిఫ్యూజన్‌తో అప్‌స్కేల్ చేయాలనుకున్నాను.

8 జీబీ గ్రాఫిక్స్ కార్డులో 8192 పిక్సెళ్ల బొమ్మ ఒకేసారి పట్టదు. కాబట్టి 1024 పిక్సెళ్ల చదరపు ముక్కలుగా కోస్తాం. వీటినే టైల్స్ అంటారు. పక్కపక్క టైల్స్ 128 పిక్సెళ్ల మేర ఒకదాని మీద ఒకటి పడేలా పెడితే, ప్రతి కొత్త టైల్ 896 పిక్సెళ్ల తర్వాత మొదలవుతుంది. అడ్డంగా సరిగ్గా 9, నిలువుగా 5, మొత్తం 45. కింది వరుస సరిపోకపోతే దాన్ని పైకి జరిపితే చాలు. అక్కడ ఒకదాని మీద ఒకటి పడే భాగం పెరుగుతుందంతే.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. ఈ మోడల్ బొమ్మకు కొంచెం నాయిస్ కలిపి, ఆ నాయిస్‌ను తీసేస్తూ కొత్త వివరాలు గీస్తుంది. ఖాళీ నేల మీద పగులు ఎక్కడ రావాలి, రాయి ఎక్కడ రావాలి అన్నది చాలావరకు ఆ నాయిసే తేలుస్తుంది. తేడా చూద్దామని ముందు కావాలనే 45 టైల్స్‌కూ ఒకే సీడ్ ఇచ్చాను. ఒకే సీడ్ అంటే ఒకే నాయిస్. దాంతో ప్రతి టైల్‌లో అదే మూల అదే వంకర పగులు, అచ్చు వేసినట్టు! దూరం నుంచి చూస్తే చేను కాదు, బాత్రూం ఫ్లోర్.

సరే, టైల్‌కో సీడ్ ఇద్దాం అనిపిస్తుంది కదా? పునరావృతం పోతుంది, అతుకు వస్తుంది. రెండు టైల్స్ కలిసే 128 పిక్సెళ్ల పట్టీలో ఒకటి పగులు గీస్తే, ఇంకొకటి రాయి గీస్తుంది. గీత కనబడకుండా రెండిటినీ మెల్లగా కలిపేస్తాం. కానీ సంబంధం లేని రెండు గరుకుదనాలను సగం సగం కలిపితే పట్టీ మధ్యలో ఆ గరుకు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. అంటే గీత పోయి, దాని స్థానంలో మసక పట్టీ మిగులుతుంది. ఎర్రమట్టి మీద అది తడిగుడ్డతో తుడిచినట్టు కనిపిస్తుంది.

దారి ఏమిటంటే, నాయిస్‌ను టైల్‌కి కాదు, మొత్తం బొమ్మకి ఒక్కసారే తయారు చేయడం. పెద్ద దుప్పటిలా పరిచి, ఏ టైల్ ఎక్కడుంటే అక్కడి ముక్కను దానికి ఇవ్వాలి. మోడల్ లోపల బొమ్మ ఎనిమిదో వంతు సైజులో ఉంటుంది కాబట్టి కోడ్ ఇలా ఉంటుంది.

```python
rng = np.random.default_rng(7)
noise = rng.standard_normal((4, 512, 1024))

r, c = y // 8, x // 8
tile_noise = noise[:, r:r+128, c:c+128]
```

ఇప్పుడు ఏ రెండు టైల్స్‌కూ ఒకే నాయిస్ రాదు. కానీ ఒకదాని మీద ఒకటి పడే చోట రెండిటికీ అదే నాయిస్ అందుతుంది. అందుకే రెండూ దాదాపు అదే పగులు గీస్తాయి, కలిపినా మసక రాదు. ఒక జాగ్రత్త: ప్రతి అడుగులో కొత్త నాయిస్ కలిపే శాంప్లర్లు ఈ పొందికను చెడగొడతాయి. డీడీఐఎం లాంటిది, మధ్యలో ఏమీ కలపనిది వాడాలి.

పునరావృతం నిజంగా పోయిందా? కంటిని నమ్మొద్దు. గింప్‌లో బొమ్మకు ఇంకో లేయర్ తీసి, సరిగ్గా 896 పిక్సెళ్లు పక్కకు జరిపి, మోడ్ `Difference` పెట్టండి. అచ్చు మిగిలి ఉంటే నేల ఒక్కసారిగా నల్లబడుతుంది. 850కి జరిపితే నల్లబడదు. రెండు చోట్లా ఒకేలా ఉంటే మీరు గట్టెక్కినట్టే.

అతుకులు పోయిన ఒక ప్రింట్ నమూనాను చిన్నాయనకు ఫోన్‌లో పంపాను. కాసేపటికి ఫోన్ వచ్చింది.

"ఒరే అబ్బీ, మూడు కుంటలు కదా చెప్పింది? దీంట్లో ఐదుండాయే! ఆ రెండూ యాడివిరా?"

అది నాయిస్ మార్పు 0.5 దగ్గర ఎంత దూరం పోతుందో చూడటానికి నడిపిన నమూనా. ప్రతి టైల్‌కూ ఒకే ప్రాంప్ట్ వెళ్తుంది. అందులో కుంట అనే మాట ఉంటే, కుంట లేని టైల్ కూడా ఎక్కడో నీడ చూసి అక్కడ నీళ్లు పోస్తుంది. టైల్‌కు పక్కనేముందో తెలియదు మరి. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడేవాళ్లు బొమ్మ బాగుందా అని చూడరు. ఎవరి చేన్లో కుంట పడుతుందో చూస్తారు. అడగని మనిషి చేన్లో కుంట కనిపిస్తే ఆ సమావేశం సాగదు.

అందుకని ప్రాంప్ట్‌లో ఎండిన ఎర్రమట్టి, గడ్డి, పగటి వెలుతురు తప్ప ఏ వస్తువు పేరూ పెట్టలేదు. మార్పు బలం 0.25కి దించాను. అసలు రెండర్‌కు కట్టుబడి ఉండేలా కంట్రోల్‌నెట్ టైల్ మోడల్ కలిపాను. తర్వాత ఫలితాన్ని మళ్లీ 2048కి కుదించి, అసలు రెండర్‌తో `Difference` తీశాను. కొత్తగా పుట్టిన వస్తువు ఏదైనా అక్కడ మచ్చలా వెలుగుతుంది. మచ్చలు లేవు.

ఆ పరీక్షలోనే వెలుతురు పెంచి చూస్తే ఇంకోటి బయటపడింది. ఆకాశంలో చదరంగం బల్లలా లేత గళ్లు. ఒక్కో టైల్ తన రంగును వెంట్రుకవాసి పక్కకు లాగుతుందన్నమాట. దీనికి ఒక్క వరుస చాలు.

```python
final = out + blur(base) - blur(out)
```

ఇక్కడ `base` అంటే మామూలుగా నాలుగింతలు సాగదీసిన అసలు రెండర్. `blur` వ్యాసార్థం 60 పిక్సెళ్ల దాకా పెట్టాను. పెద్ద రంగులు అసలు రెండర్ నుంచి, సన్నని గరుకు మాత్రం కొత్తదాని నుంచి వస్తాయి. వ్యాసార్థం మరీ తగ్గిస్తే అసలు రెండర్‌లోని మసక కూడా తిరిగొచ్చేస్తుంది.

ఒక హద్దు మాత్రం దాటలేం. దగ్గరకెళ్లి చూస్తే కనిపించే పగుళ్లు, గడ్డిపోచలు మా నేలవి కావు, యంత్రం ఊహించినవి. అందుకే ఫ్లెక్సీ కింద ఒక వాక్యం అచ్చు వేయించాం: కుంటల చోటు, కొలతలు నిజం, మట్టి గరుకు బొమ్మ కోసం గీసింది.