మడిచే చెయ్యి చివర్లో ఎందుకు మొరాయిస్తుంది?

బరువు పట్టుకుని మోచెయ్యి మడిచేవాళ్ళలో చాలామందికి ఒక సందేహం వస్తుంది. సగం దాకా చెయ్యి సాఫీగానే లేస్తుంది. భుజం దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తుంది. పట్టుకున్న బరువేమో అదే. మరి ఆ చివరి జానెడు దూరంలో మారిందేమిటి?

కడత్తూరులో మా ఇంట్లో ఈ ప్రశ్న కాస్త పెద్దదే అయింది. మా బావగారు తోటలో జారిపడి కుడి మోచేతి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నారు. సిమెంటు కట్టు విప్పాక వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఒక రబ్బరు పట్టీ ఇచ్చి, ఒక కొస కాలికింద తొక్కిపెట్టి రెండో కొస పైకి లాగమంది. పది రోజులు చేసి మానేశారు. "మధ్య దాకా బాగానే వస్తుంది, ఆ పైన చెయ్యి వణుకుతుంది. ఎముక సరిగా అతుక్కోలేదు" అని ఆయన తీర్మానం. సంగటి ముద్ద కూడా ఎడమచేత్తో తినడం మొదలుపెట్టారు. అది చూసి మా అక్కకు దిగులు. బడిలో సైన్సు చెప్పినవాణ్ణి కదా, కాగితం, పెన్సిలు పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

తలుపును బందు దగ్గర నెడితే కష్టం, అంచు దగ్గర నెడితే సులువు. మోచెయ్యి కూడా ఒక బందే. భుజం నుంచి కిందికి వేలాడే చేతిలో రెండు కిలోల తూకపురాయి ఉందనుకుందాం. ముంజెయ్యి నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు రాయి మోచేతికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. రెండు ముప్పైలు 60. ఇంకా పైకి మడిచి ముంజెయ్యిని ఏటవాలుగా నిలిపితే అడ్డదూరం 21 సెంటీమీటర్లకు తగ్గుతుంది. లెక్క 42. అంటే రాయి వల్ల పడే భారం పైన తగ్గుతుంది!

"మరి తేలికవ్వాలి కదా?" అన్నారు బావగారు. న్యాయమైన ప్రశ్నే.

లాగేది ద్విశిర కండరం, దానికి తోడు మరి రెండు మూడు. అన్నింటినీ ఒక్కటిగా లెక్కేద్దాం. దాని స్నాయువు మోచేతికి చాలా దగ్గర్లో అతుక్కుని ఉంటుంది. చెయ్యి సగం మడిచినప్పుడు ఆ లాగుడు గీత మోచేతికి సుమారు నాలుగు సెంటీమీటర్ల ఎడంగా ఉంటుంది. పూర్తిగా మడిస్తే ఎడం మూడుకు తగ్గిందనుకుందాం. మధ్యలో 60ని నాలుగుతో భాగిస్తే కండరం 15 కిలోల బలంతో లాగాలి. పైన 42ని మూడుతో భాగిస్తే 14. భారం పదింట మూడు వంతులు తగ్గినా కండరానికి మిగిలిన ఊరట ఒక్క కిలో!

ఆ ఒక్క కిలో ఊరటను కూడా మింగేసేది కండరం పొడవు. కండరం లోపల సన్నని పోగులు, లావు పోగులు ఒకదానిలోకి ఒకటి దూరి ఉంటాయి. లావు పోగుల చేతులు సన్నవాటిని పట్టి లాగుతాయి. తేరు లాగే జనాన్ని తలచుకోండి. తాడు అందనివాళ్ళు లాగలేరు, ఒకరి మీద ఒకరు పడేంత కిక్కిరిసినా లాగలేరు. కండరం బాగా సాగితే చేతులకు పోగులు అందవు. బాగా కుంచించుకుంటే రెండు పక్కల సన్న పోగులూ ఒకదానిపైకి ఒకటి వచ్చి అడ్డుపడతాయి. 1966లో గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ అనే ముగ్గురు కప్ప కండరపు పోగుల మీద ఈ ఎక్కువ తక్కువలను కొలిచి చూపించారు. చెయ్యి పూర్తిగా మడిచినప్పుడు మన కండరం ఈ ఇరుకులో ఉంటుంది. మనకు తెలిసే "కష్టం" రాయి బరువు కాదు, ఉన్న శక్తిలో ఎంత వంతు ఖర్చవుతోందన్నది.

బావగారి విషయంలో మరో సంగతి ఉంది. రబ్బరు పట్టీ రాయి కాదు, సాగేకొద్దీ బిగుస్తుంది. మధ్యలో రెండు కిలోలుగా లాగిన పట్టీ పైన మూడున్నరగా లాగితే, 21తో గుణిస్తే 73 దాటుతుంది. కండరం నీరసించే చోటే పట్టీ భారం పెంచుతోందన్నమాట. కట్టులో చిక్కిపోయిన చెయ్యి అక్కడ వణకదా మరి!

అయినా ఎముక సంగతి ఊహతో తేల్చకూడదు. వ్యాయామాల అమ్మాయి వచ్చి, ఆయన చేతిని వదులుగా ఉంచమని తానే మెల్లగా మడిచింది. నొప్పి లేకుండా భుజం దాకా పోయింది. అలా ఇతరులు మడిచినా మధ్యలో ఆగిపోతే కీలు బిగుసుకుందని అర్థం. ఒకే చోట పోటు పెట్టినా, వేళ్ళు తిమ్మిరెక్కినా డాక్టరును చూడాల్సిందే. ఇక్కడ అవేవీ లేవు. లోటు కండరానిదే.

పట్టీ పక్కనబెట్టి ఒక కిలో రాయితో మొదలుపెట్టించింది. మోచెయ్యి ఒంటి పక్కనే ఉండాలంది. ముందుకు ఎత్తితే ముంజెయ్యి నిట్టనిలువుగా నిలబడి, రాయి మోచేతి మీదే కూర్చుంటుంది. పని జరిగినట్టే కనిపిస్తుంది కానీ కండరానికి పని ఉండదు. మోచెయ్యి వెనక్కి పోతే గరిష్ఠ భారం ఇంకా ఎక్కువ మడిచాక వస్తుంది, అంటే మళ్ళీ పైన కష్టమే. బావగారు మొదటి వారమంతా గోడకు ఆనుకుని చేశారు, మోచెయ్యి వెనక్కి జారకుండా.