పెద్దకూర ముచ్చట్లు - 6: ఖీమాకు ఆగే ఓపిక లేదు

పోయిన ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కిలో పెద్దకూర తీసుకున్న. అరకిలో ముక్కలు, అరకిలో ఖీమా. గల్లీ మలుపు తిరిగేసరికి ఇంటి ఓనర్ గేటు ముందు కుర్చీ వేసుకొని పేపర్ చదువుతున్నాడు. ఇల్లు ఇచ్చిన రోజే "నాన్‌వెజ్ వండొద్దు సార్" అన్న మనిషి. క్లాసులో ఆత్మగౌరవం గురించి గంట మాట్లాడే నేను బండి వెనక్కి తిప్పి దోస్తు రూముల పన్నెండున్నర దాకా కూర్చున్న. కూర బండి డిక్కీలనే ఉంది.

ఇంటికొచ్చి విప్పితే ముక్కలకు వాసన లేదు. ఖీమా మాత్రం పుల్లగా కొడుతోంది, వేళ్లకు జిగురు అంటుతోంది. ఒకే తొడ మాంసం, ఒకే కత్తి, ఒకే ఎండ. మరెందుకిట్లా?

ఆరోగ్యమైన పశువు కండ లోపల సూక్ష్మక్రిములు దాదాపు ఉండవు. కోసేటప్పుడు తోలు నుంచి, చేతుల నుంచి, మొద్దు మీది నుంచి వచ్చి పైపొర మీదనే ఉంటాయి. ముక్కకు పైపొర కొంచెమే. మిషన్‌లో వేస్తే ఆ పైపొర లోపలికి కలిసిపోతుంది, ప్రతి గింజా కొత్త పైపొర అవుతుంది. కండ చితికి రసం ఊరుతుంది, అదే వాటికి తిండి. మిషన్ సందుల్లో ఇరుక్కున్న పాత కూర కూడా తోడవుతుంది.

ముక్కలు కూడా పారేసిన. అంత ఎండలో బయట గంట దాటిన పచ్చి కూరను వాసన రాలేదని నమ్మొద్దు. రోగం తెచ్చే క్రిములు చాలాసార్లు వాసన రానియ్యవు. కొన్ని వదిలే విషం ఎంత ఉడికించినా పోదు.

అందుకే ఇప్పుడు కొట్టి పెట్టిన ఖీమా కొనను. కండ చూపించి, "భాయ్, మిషన్ కడిగి దీన్నే కొట్టు" అంటా. మిషన్ పాతగుంటే ముక్కలే తెచ్చుకొని ఇంట్లో కత్తితో సన్నగా తరుగుతా. పైన ఎర్రగా, లోపల గోధుమ రంగులో ఉంటే భయపడకండి, లోపలికి గాలి తగలక అట్లా అవుతుంది. జిగురు, పులుపు వాసన ఉంటే మాత్రం వదిలెయ్యండి.

ఫ్రిజ్‌లో 4 డిగ్రీల లోపు ఖీమా ఒకరోజు, మహా అయితే రెండు రోజులు. పెద్ద కండ ముక్కలైతే మూడు నుంచి ఐదు. అంతకన్నా దాచాలంటే తెచ్చిన వెంటనే ఒక పూటకు సరిపడా కవర్లలో పెట్టి, అరచేతితో పలుచగా అద్ది డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ముద్దగా పెడితే నడుమ చల్లబడేసరికే గంటలు పడుతుంది. కరిగించేది కూడా ఫ్రిజ్ కింది అరలోనే, గట్టు మీద కాదు. గులాబీ రంగు పోయిందని దించకండి, నడుమ దాకా పొగలు కక్కేలా ఉడకాలి.

మా అవ్వకు ఫ్రిజ్ లేదు. మిగిలిన కూరను ఎన్నడూ దంచలేదు. పొడుగ్గా చీరి, ఉప్పు పసుపు పట్టించి దండెం మీద ఆరేసేది. తడి ఆరిన తునకలు నెలల తరబడి కుండలో ఉండేవి. వాడకట్టులో అందరి దండేలూ ఎర్రగానే ఉండేవి, దాచాల్సిన పనే లేకుండె.