ఒక లీటరు నీళ్లు ఎంత వేడి మోస్తాయి?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. వైజాగ్‌లో గూగుల్ వాళ్లు 1500 కోట్ల డాలర్లతో ఏఐ డేటా సెంటర్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించిన దగ్గర్నుంచి మా విజయనగరం కుర్రాళ్లు రోజూ నన్ను ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నువ్వు గల్ఫ్‌లో అలాంటి బిల్డింగులే కడుతున్నావు కదా, మన నీళ్లన్నీ అది తాగేస్తదా?" అని. పదో తరగతి చదివిన నాకు కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలీదు. కానీ పైపులు, చిల్లర్లు, టవర్లు నా చేతుల మీదుగా నిలబడినవే. అంతవరకు చెప్తాను.

కంప్యూటర్‌లోకి వెళ్లిన ప్రతి యూనిట్ కరెంటు చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే నిమిషాల్లో మిషన్లు ఆగిపోతాయి. పంపడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, మన ఇంటి ఏసీలాగా ఫ్యాన్లతో గాలిలోకి వదలడం. దీనికి నీళ్లు దాదాపు అక్కర్లేదు, కరెంటు ఎక్కువ. రెండోది కూలింగ్ టవర్. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో అదే పని ఇది. కొన్ని నీళ్లు ఆవిరైపోతూ మిగతా నీళ్లలోని వేడిని పట్టుకుపోతాయి.

లెక్క చూద్దాం. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 0.67 యూనిట్ల వేడి పోతుంది. ఒక మెగావాట్ కంప్యూటర్లంటే గంటకి 1000 యూనిట్ల వేడి. అంటే గంటకి 1500 లీటర్లు, రోజుకి 36 వేల లీటర్లు ఆవిరి.

అక్కడితో అయిపోదు. నీళ్లు ఆవిరైతాయి గానీ అందులోని ఉప్పు, సున్నం కిందే ఉండిపోతాయి. అవి చిక్కబడకుండా కొన్ని నీళ్లు బయటికి వదిలి కొత్తవి పోయాలి. దీన్ని బ్లోడౌన్ అంటాం. ఉప్పు నాలుగింతలు అయ్యేదాకా ఆగి వదిలితే రోజుకి ఇంకో 12 వేల లీటర్లు. మొత్తం 48 వేలు. మన దగ్గర తిరిగే 5 వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు పది, ఒక్క మెగావాట్‌కి. చిల్లర్ మోటార్ల వేడి కలిపితే ఇంకాస్త ఎక్కువే.

నీళ్లు మిగులుతాయి కదా అని బ్లోడౌన్ వాల్వు బిగించేస్తే ఏమవుద్దో కూడా చెప్తాను. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకుంటుంది చూడండి, అదే చిల్లర్ ట్యూబుల్లో పేరుకుంటుంది. వేడి దాటదు. చిల్లర్ మీటరు మీద ఆంపియర్లు పెరుగుతూ పోతాయి. అంటే మిగిల్చిన నీళ్లకి కరెంటు రూపంలో కట్టామన్నమాట.

మరి గల్ఫ్‌లో నీళ్లంటే సముద్రాన్ని వడకట్టినవే కదా, టవర్ ఎందుకు పెడతారు? వెయ్యి లీటర్లు వడకట్టడానికి ఇప్పటి ప్లాంట్లలో 3, 4 యూనిట్లు పడుతుంది. 48 వేల లీటర్లకి రోజుకి 200 యూనిట్ల లోపే. నీళ్లు మానేసి గాలితో చల్లబరిస్తే, ఇక్కడి ఎండాకాలంలో మెగావాట్‌కి రోజుకి సుమారు 3 వేల యూనిట్లు అదనంగా కాలొచ్చు. కరెంటు ఒక్కటే చూస్తే నీళ్లే లాభం. కానీ వడకట్టగా మిగిలిన చిక్కటి ఉప్పునీరు మళ్లీ సముద్రంలోకే పోతుంది. అందుకే ఇక్కడ చాలాచోట్ల టవర్లకి శుద్ధి చేసిన మురుగునీరు వాడతారు. తాగే నీళ్ల జోలికి పోనక్కర్లేదు.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లో బాగా పనిచేసే ఎయిర్ కూలర్ వైజాగ్‌లో ఉక్కపోతకి పనిచేయదు కదా? టవర్ సంగతీ అంతే. గాలిలో తేమ ఎక్కువుంటే నీళ్లు అంతగా చల్లబడవు, మళ్లీ చిల్లర్ మీదే బరువు పడుతుంది. చల్లటి దేశాల్లో బయటి గాలితోనే సగం పని అయిపోతుంది. జీపీటీ-3 అనే మోడల్‌కి నేర్పించడానికి సుమారు 1,287 మెగావాట్ అవర్ల కరెంటు పట్టిందని అంచనా. అమెరికాలో దాన్ని చల్లార్చడానికి 7 లక్షల లీటర్లు ఆవిరై ఉంటాయని పరిశోధకులు లెక్కగట్టారు. నా లెక్కన పూర్తిగా టవర్ మీదే నడిస్తే 19 లక్షలు దాటేది. పైగా నేర్పడం ఒక్కసారి ఖర్చు. జనం వాడుతున్నంత కాలం మిషన్లు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి.

వైజాగ్‌కి చెప్పింది గిగావాట్ స్థాయి. వెయ్యి మెగావాట్ల కంప్యూటర్లు నిండుగా నడిచి, అన్నీ టవర్లతోనే చల్లబడితే రోజుకి 4.8 కోట్ల లీటర్లు. గాలితో చల్లబరిస్తే నీళ్లు మిగులుతాయి గానీ ఆ అదనపు కరెంటు ఎక్కడో బొగ్గు కాలిస్తేనో, ఎండ పట్టుకుంటేనో రావాలి. రెండూ తక్కువే అని ఎవరైనా చెప్తే నమ్మకండి, పైపు దగ్గర నిలబడ్డవాడిగా చెప్తున్నాను.

వేసవిలో మా అక్క వాళ్లు వైజాగ్‌లో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి కూర్చుంటారు. కాబట్టి తమ్ముళ్లూ, "వద్దు" "కావాలి" అని కొట్టుకునే ముందు ఇవి అడగండి. టవరా, గాలా? టవరైతే ఏ నీళ్లు, తాగేవా, మురుగు శుద్ధి చేసినవా? బ్లోడౌన్ ఎక్కడికి వదుల్తారు? మే నెలలో రోజుకి ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు? ఏడాది సగటు చెప్తే ఒప్పుకోకండి. అక్క బిందె ఖాళీగా ఉండేది మే నెలలోనే.