రాణిగంజ్‌లో జీతాల పరీక్ష

రాణిగంజ్‌లో ఇనుప సామాను దుకాణాల వరస దాటితే, ఒక పాత భవనం రెండో అంతస్తులో సరుకు పంపిణీ చేసే సంస్థ ఆఫీసు ఉంది. గోదాములు మేడ్చల్ వైపు. అక్కడి హమాలీలు, డ్రైవర్ల దగ్గర్నుంచి ఇక్కడి గుమాస్తాల దాకా అందరి జీతాలూ అప్పటిదాకా ఒక ఎక్సెల్ ఫైల్లోనే తయారయ్యేవి. దాని చోట కొత్త పేరోల్ సాఫ్ట్‌వేర్ రాబోతున్న రోజులవి. మేము వెళ్లింది 2024 ఆగస్టులో, యూఏటీ జరుగుతుండగా. సాఫ్ట్‌వేర్‌ను రేపు వాడబోయేవాళ్లే కూర్చుని, ఇది మా పనికి సరిపోతుందా లేదా అని తేల్చే పరీక్ష అది.

పరీక్షకు తేదీలు పెట్టింది ఐటీవాళ్లు కాదు, జీతాలు చూసే సీనియర్ అకౌంటెంట్. పాతికేళ్ల అనుభవం ఉన్న ఆమెను అందరూ మేడమ్ అనే పిలుస్తారు. 25న హాజరు లెక్క మూస్తారు. 7లోపు జీతాలు పడాలి. 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి. ఆ మధ్యలో పరీక్షకు రమ్మంటే వచ్చి కూర్చుంటారే గానీ మనసు బ్యాంకు ఫైలు మీదే ఉంటుంది. అందుకని 16 నుంచి 24 వరకే పరీక్ష అని ఆమె గీత గీసేశారు.

బల్ల చుట్టూ ఉన్నది ఆమె, హెచ్ఆర్ మేనేజరు, గోదాము సూపర్‌వైజరు, ఫైనాన్స్ పెద్దాయన. సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు గోడ పక్క కుర్చీలో. అతను చూపించవచ్చు, సందేహం తీర్చవచ్చు, కీబోర్డు మాత్రం ముట్టుకోకూడదు. తయారుచేసినవాడి చేయి తనకు తెలియకుండానే పనిచేసే దారిలో నడుస్తుంది. తప్పులుండేది పక్కదారుల్లో.

అసలు పని కంప్యూటరు తెరవకముందే మొదలైంది. ప్రతి సందర్భానికీ ఒక కాగితం రాశారు: ఎలాంటి ఉద్యోగి, ఆ నెల ఏం జరిగింది, చేతికి ఎంత రావాలి. ఈ చివరి అంకెను మేడమ్ క్యాలిక్యులేటర్ మీద వేసి, పెన్నుతో రాసి, సంతకం పెట్టాకే సాఫ్ట్‌వేర్‌ను నడపాలని నియమం. తెరమీది అంకెను ముందే చూస్తే అది సబబుగానే కనిపిస్తుందని ఆమె వాదన. పేర్లు మార్చి, ఉద్యోగి నంబర్లు కొత్తవి వేసి ఇచ్చారు. మేనేజరు జీతం ఎంతో సూపర్‌వైజరుకు తెలియనక్కర్లేదు కదా.

ఆ కాగితాల్లో ఒకటి మొత్తం ప్రణాళికనే మార్చేసింది. ఒక ప్యాకింగ్ ఉద్యోగి, నెలకు 20,800. జూలైలో ఇంక్రిమెంటు వచ్చి 21,900 అయింది. ఈఎస్ఐకి వేతన పరిమితి 21,000. పరిమితి దాటాడు కాబట్టి జూలై నుంచి కోత ఆగిపోవాలనిపిస్తుంది. ఆగకూడదు. ఈఎస్ఐ చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదట్లో పరిధిలో ఉన్న ఉద్యోగి మధ్యలో పరిమితి దాటినా, ఆ కాలం ముగిసేదాకా పరిధిలోనే ఉంటాడు. అదీ పెరిగిన జీతం మీదే. కాబట్టి జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో 21,900 మీద 0.75 శాతం, అంటే 164.25. దాన్ని పై రూపాయికి సర్దితే 165. యజమాని వాటా 3.25 శాతం, 712 రూపాయలు. అక్టోబరులో ఆపాలి.

మేడమ్ కాగితం మీద 165 ఉంది. సాఫ్ట్‌వేర్ సున్నా చూపించింది.

కుర్రాడు వెంటనే పాత ఎక్సెల్ ఫైలు తెరిచాడు. "మీ ఫార్ములానే మేడమ్, అలాగే దించాం" అన్నాడు. నిజమే, గడిలో ఉన్నది ఇది:

```
=IF(B7<=21000,ROUNDUP(B7*0.75%,0),0)
```

నెల జీతం తప్ప ఇంకేదీ చూడని ఫార్ములా. ఇన్నేళ్లూ మధ్యలో పరిమితి దాటినవాళ్లను మేడమ్ గుర్తుపెట్టుకుని, ఆ గడిలో చేత్తో అంకె కొట్టేవారు. ఆమె సెలవులో ఉన్న నెలల్లో ఎవరూ కొట్టలేదు. పాత లెక్కనూ కొత్త లెక్కనూ రెండు నెలలు పక్కపక్కన నడిపి పోల్చి చూద్దామన్నది మొదటి ప్రణాళిక. ఈ తప్పు ఆ పోలికలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆమె లేని నెల తీసుకుంటే రెండు చోట్లా సున్నాయే, పోలిక పాసయ్యేది. ఆ రోజు నుంచి నియమం మారింది: సరైన జవాబు పాత ఫైల్లోంచి కాదు, చట్టంలోంచో కంపెనీ ఉత్తర్వులోంచో రావాలి.

గోదాము సూపర్‌వైజరు తెచ్చిన చిక్కు వేరు. "నాలుగు రోజులు రాకుంటే ఎంత కోస్తరు సార్? నెలకు 31 రోజులని లెక్క కడ్తరా, 26 అని కడ్తరా?" అన్నాడు. 20,800 జీతాన్ని 26తో భాగిస్తే రోజుకు 800, నాలుగు రోజులకు 3,200. 31తో భాగిస్తే కోత 2,684. హెచ్ఆర్ ఒకటి చెప్పింది, గోదాములో జరుగుతున్నది మరొకటి. దీన్ని సాఫ్ట్‌వేర్ తప్పుల్లో రాయకూడదని ఫైనాన్స్ పెద్దాయన పట్టుబట్టారు. ఇది ఇంకా తీసుకోని నిర్ణయం, దానికి వేరే పట్టీ ఉంది, జవాబివ్వాల్సినవాళ్ల పేరూ గడువూ రాయాలి. నా లెక్కలో ఇది మంచి విభజన. లేకపోతే తాము తేల్చుకోని విషయాలన్నీ కుర్రాడి ఖాతాలో పడేవి. అదే కాగితంలో నిజమైన తప్పు కూడా ఒకటి ఉంది: కోత పోగా మిగిలిన 17,600కి తెలంగాణ వృత్తి పన్ను 150 పడాలి. సాఫ్ట్‌వేర్ కోతకు ముందున్న జీతం చూసి 200 పట్టింది.

ఇక సంతకాలు. తప్పుల్ని మూడు తరగతులు చేశారు. ఎవరి చేతికొచ్చే డబ్బయినా, చట్టప్రకారం కట్టాల్సినదేదైనా తేడా వస్తే మొదటి తరగతి, ఒక్క రూపాయైనా సరే. అలాంటిది ఒక్కటి మిగిలినా సంతకం లేదు. డబ్బు సరిగ్గానే ఉండి రిపోర్టు తప్పితే రెండోది. దానికి తాత్కాలిక దారి, సరిచేసే తేదీ రాసుకుని ముందుకు పోవచ్చు. అక్షరదోషాలు, రంగులు మూడోది. తప్పు తరగతిని తగ్గించాలంటే దాన్ని పట్టుకున్న మనిషి ఒప్పుకుని రాసివ్వాలి.

ఈ ఆఖరి నియమానికి దూరదేశపు అనుభవం ఒకటి వెనక ఉంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ 2010 మార్చిలో కొత్త పేరోల్ మొదలుపెట్టింది. వేల మంది నర్సులకు, సిబ్బందికి జీతాలు తక్కువో ఎక్కువో పడ్డాయి, కొందరికి అసలు పడలేదు. 2013లో విచారణ కమిషన్ నివేదిక వచ్చేసరికి ఖర్చు అంచనా 120 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు చేరింది. యూఏటీలో తప్పులు కనిపించకపోలేదు, చాలానే కనిపించాయి. గడువు ముంచుకొస్తుంటే పాసయ్యే షరతుల్నే సడలించారు.

రాణిగంజ్ బల్ల మీద సంతకాలు మూడు: మేడమ్‌ది, హెచ్ఆర్‌ది, ఫైనాన్స్‌ది. ఐటీది లేదు. మేము బయల్దేరేసరికి వృత్తి పన్ను తప్పు సరిచేసి వచ్చింది. ఈఎస్ఐ తప్పుకు మాత్రం ప్రతి ఉద్యోగికీ చందా కాలం ప్రారంభపు జీతాన్ని దాచే కొత్త గడి కావాలి, దానికి మూడు వారాలు పడుతుందన్నాడు కుర్రాడు. ఈలోగా చేత్తో అంకె కొట్టుకుంటే రెండో తరగతికి మార్చవచ్చు కదా అని హెచ్ఆర్ మేనేజరు అడిగారు. మేడమ్ రాసివ్వలేదు. సెప్టెంబరు జీతాలు కూడా ఎక్సెల్లోనే చేద్దామని, ఈసారి ఆ గడుల జాబితా తను లేనప్పుడు చూసేవాళ్లకు కూడా ఇస్తానని అన్నారు.