యాపిల్ పళ్లు వద్దు

మోకాలి ఆపరేషనై ఇంట్లో ఉన్న స్నేహితురాలిని చూడ్డానికి యాపిల్ పళ్లు పట్టుకెళ్లాను. టేబుల్ మీద అప్పటికే మూడు కవర్లున్నాయి, అన్నీ యాపిల్సే. "ఇంకా తెచ్చావటే!" అని నవ్వింది.

కూర్చుని చూస్తే అసలు కష్టం తెలిసింది. వాకర్ పట్టుకుంటే రెండు చేతులూ దానికే సరి. ఫోనైనా, మంచినీళ్ల సీసా అయినా మోసుకెళ్లే దారే లేదు. ప్రతిదానికీ అత్తగారిని పిలవాలి. నొప్పికన్నా అదే ఎక్కువ చిన్నతనంగా ఉందట.

మర్నాడు పాత జీన్స్ ప్యాంటు కత్తిరించి జేబుల సంచి కుట్టి, వాకర్‌కి ముందువైపు కట్టాను. పక్కకి కడితే కాలికి తగులుతుంది. బరువెక్కితే వాకర్ ముందుకి తూలుతుంది కాబట్టి ఫోను, కళ్లజోడు, అరలీటరు సీసా, అంతే. సీసా మూత గట్టిగా బిగుసుకునేది కావాలి, నేల తడిస్తే ప్రమాదం.

మంచం దాకా వచ్చే పొడుగాటి ఛార్జర్ వైరు కూడా ఇచ్చాను. అదీ గోడవెంటే వెయ్యాలి, నడిచేచోట కాదు. పడుకుని లావుపాటి నవల పట్టుకుంటే చేతులు లాగుతాయి, అందుకని శ్రీరమణ 'మిథునం' ఇచ్చాను.

ఇక సాయంత్రం నాలుగింటికి అస్సలు పొద్దుపోదట. ఎవరినైనా పలకరించాలనుకుంటే ఆ టైముకి వెళ్లండి, పేకముక్కలు పట్టుకుని. యాపిల్స్ మాత్రం వద్దు.